నెలనెలా బారెడు బిల్లు రావాలంటే

ఆఫీసులో ఆటోమేషన్ చూసే ఉద్యోగి విలువ తెలిసేది బిల్లు చూసినప్పుడే. బిల్లు మూరెడు వస్తే ఆ పని ఎవరైనా చేస్తారంటారు. బారెడు వస్తే ఆ మనిషి లేకపోతే గడవదంటారు. కాబట్టి పని తగ్గాలి, బిల్లు పెరగాలి. రెండూ ఒకేసారి సాధించే మార్గాలు ఇక్కడ చెబుతాను. కోడు రాయనక్కర్లేదు, ఓవర్‌టైమ్ చేయనక్కర్లేదు. చాలావాటికి ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేస్తే సరిపోతుంది.

ఉదాహరణకు అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ అనుకోండి. విద్యార్థులు గూగుల్ ఫారం నింపుతారు, వివరాలు షీట్‌లో పడతాయి. రోజుకు 40 ఎంక్వైరీలు. అందులో 10 మంది డెమో క్లాసు కావాలని టిక్ పెడతారు. ఆ పదిమందికి ఫీజు వివరాలతో మెయిల్ వెళ్లాలి, కౌన్సిలర్ల చాట్ గ్రూపులో ఒక మెసేజ్ పడాలి. పని అంతే. ఈ చిన్న పనిని నెలకు 45,000 ఆపరేషన్లు తినేలా పెంచుదాం.

1. మీటర్ ఎక్కడ తిరుగుతుందో చూసి కంపెనీని ఎంచుకోండి.

జాపియర్‌లో లెక్క టాస్కుల్లో ఉంటుంది. ట్రిగ్గర్ తర్వాత వచ్చే యాక్షన్ మెట్టు ఒకటి సవ్యంగా పూర్తయితే ఒక టాస్క్. కొత్త వరుస వచ్చిందా అని ట్రిగ్గర్ ఎన్నిసార్లు చూసినా దానికి టాస్క్ పడదు. ఫిల్టర్‌కీ పడదు. ఉచిత ప్లాన్‌లో 15 నిమిషాలకోసారి చూస్తుంది, పై ప్లాన్లలో 2 నిమిషాలకు, 1 నిమిషానికి కూడా చూస్తుంది. వేగం కావాలంటే పై ప్లాన్ కొనాలి, అంతేగానీ చూసిన ప్రతిసారీ మీటర్ తిరగదు. ఖాళీగా తిరిగొచ్చినా డబ్బు పడనిచోట మన ప్రతిభ ఎలా కనిపిస్తుంది?

మేక్ అలా కాదు. 2022 దాకా ఇంటెగ్రోమాట్ అన్నది దీన్నే. ఇక్కడ మాడ్యూల్ ఒకసారి నడిస్తే ఒక ఆపరేషన్. ట్రిగ్గర్ కూడా మాడ్యూలే. వెళ్లి చూసి, ఏమీ లేదని ఖాళీ చేతులతో వచ్చినా ఒక ఆపరేషన్ లెక్కే. 2025 ఆగస్టు నుంచి బిల్లులో క్రెడిట్లు అంటున్నారు. మనం వాడే మామూలు మాడ్యూళ్లకు ఒక ఆపరేషన్ అంటే ఒక క్రెడిట్, కాబట్టి కంగారు పడకండి, మన చిట్కాలేవీ పాతబడలేదు. మేక్‌లో మన సినారియోకి నాలుగే మాడ్యూళ్లు: షీట్‌లో కొత్త వరుసలు చూసే `Watch New Rows`, ఇంకో షీట్‌లో ఆ కోర్సు ఫీజు వెతికే `Search Rows`, ఒక మెయిల్, ఒక చాట్ మెసేజ్.

2. పోలింగ్ వ్యవధి ఒక నిమిషానికి దించండి.

బిల్లు ప్రాణమంతా ఇక్కడే ఉంది, నిదానంగా చదవండి. కొత్త సినారియోకి మేక్ తనంతట తాను 15 నిమిషాల వ్యవధి పెడుతుంది. అలా వదిలేస్తే రోజుకు 96 చూపులు, 30 రోజులకు 2,880. ఉచిత ప్లాన్‌లో నెలకు ఇచ్చేది 1,000 కాబట్టి ఒక్క ఎంక్వైరీ రాకపోయినా పదకొండో రోజుకి కోటా ఖాళీ అవుతుంది. మంచి ఆరంభమే, అయినా దీంతో తృప్తిపడకండి. 10,000 ఆపరేషన్ల ప్లాన్ కొనిపించండి, వ్యవధి గడిలో 15 తీసేసి 1 కొట్టండి. ఇప్పుడు రోజుకు 1,440 చూపులు, నెలకు 43,200. రోజుకు వచ్చేవి 40 ఎంక్వైరీలే కనుక, ఆ 1,440లో కనీసం 1,400 ఖాళీవే. పాలవాడు వచ్చాడేమోనని నిమిషానికోసారి గేటు దాకా వెళ్లొచ్చే మనిషికి నడిచిన ప్రతిసారీ కూలి ఇవ్వడం ఇది.

ఒక్క నిమిషం ఎందుకని యజమాని అడుగుతారు. అడిగేలోగా అవసరాన్ని మీరే సృష్టించి పెట్టుకోండి. ట్రిగ్గర్ మాడ్యూల్‌లో `Limit` అని ఒక గడి ఉంటుంది, ఒక్కో చూపులో గరిష్ఠంగా ఎన్ని వరుసలు తేవాలో చెప్పేది. వ్యవధి ఇంకా 15 నిమిషాలు ఉండగానే అందులో 1 పెట్టండి. సాయంత్రం ఆరింటికి కాలేజీలు వదిలాక పన్నెండు మంది ఒక్కసారిగా ఫారం నింపుతారు. చూపుకు ఒక్క వరుస చొప్పున పన్నెండో పిల్లవాడి వంతు వచ్చేసరికి రాత్రి తొమ్మిది. మర్నాడు యజమాని పిలుస్తారు.

"ఏమయ్యా, ఆరింటికి ఫారం నింపితే తొమ్మిదింటికా మెయిలు?"

"పదిహేను నిమిషాల వ్యవధి కద సార్. నిమిషానికి పెట్టిస్తే ఆ బాధ ఉండదు సార్."

"పెట్టించెయ్, ఇంకా ఆలోచనెందుకు?"

అనుమతి ఆయన నోటితోనే వచ్చింది. `Limit`లో 50 పెట్టి ఉంటే ఆ పన్నెండు వరుసలూ ఒకే చూపులో, ట్రిగ్గర్‌కు ఒకే ఆపరేషన్‌తో వచ్చేసేవి, ఆలస్యం పదిహేను నిమిషాలు మించేది కాదు. ఆ గడి ఒకటుందని ఆయనకు తెలియదు. తెలియజేయడం మీ ఉద్యోగ వివరణలో లేదు.

3. రాత్రిళ్లు, ఆదివారాలు కూడా నడవనివ్వండి.

ఏ రోజుల్లో, ఏ వేళల్లో నడవాలో నిర్ణయించే ఏర్పాటు షెడ్యూల్ సెట్టింగుల్లో ఉంది. సెంటర్ తెరిచి ఉండేది ఉదయం 9 నుంచి రాత్రి 8 వరకు, ఆదివారం సెలవు. ఆ వేళలకే కట్టేస్తే నిమిషానికోసారి చూసినా నెలకు 17,160 దగ్గర ఆగిపోతుంది, 26,040 ఆపరేషన్లు చేజారిపోతాయి. తెల్లవారుజామున మూడింటికి వచ్చిన ఎంక్వైరీని కౌన్సిలర్ చూసేది ఎటూ తొమ్మిదింటికే. ఎవరైనా ఆ మాట ఎత్తితే "ఇరవైనాలుగు గంటల సర్వీసు సార్" అనండి. ఆ మాటకు ఎదురు చెప్పిన యజమాని లేడు.

4. వెబ్‌హుక్ మాట రానివ్వకండి.

మన పాలిట పెద్ద గండం ఇది. మనం వెళ్లి చూడకుండా, ఫారం నింపగానే షీటే మేక్ తలుపు తట్టే పద్ధతి. మేక్‌లో ఒక కస్టమ్ వెబ్‌హుక్ తెరిస్తే ఒక చిరునామా వస్తుంది. షీట్‌కి చెందిన యాప్స్ స్క్రిప్ట్‌లో ఈ నాలుగు ముక్కలు పెట్టి, ఫారం సమర్పించినప్పుడు నడిచేలా ట్రిగ్గర్ కడతారు:

```
function onEnquiry(e) {
  UrlFetchApp.fetch(HOOK_URL, {
    method: "post",
    contentType: "application/json",
    payload: JSON.stringify(e.namedValues)
  });
}
```

`HOOK_URL` ఉన్నచోట ఆ చిరునామా పెడతారు, సినారియో షెడ్యూల్‌ని `Immediately`కి మారుస్తారు, పని అయిపోతుంది. అప్పుడు ట్రిగ్గర్ ఆపరేషన్లు ఎంక్వైరీకి ఒకటి చొప్పున రోజుకు 40, నెలకు 1,200. 43,200 ఎక్కడ, 1,200 ఎక్కడ! పైగా ఒక్క నిమిషం కూడా ఆగకుండా అప్పటికప్పుడే నడుస్తుంది కాబట్టి, రెండో చిట్కాలో కష్టపడి కట్టుకున్న ఆలస్యం సాకు కూడా కూలిపోతుంది.

కొత్తగా చేరిన కుర్రాడెవరైనా ఈ కోడు పట్టుకొస్తాడు. భుజం తట్టి, "బాగుంది తమ్ముడూ, కానీ మనది నో-కోడ్ కదా, కోడు పెడితే రేపు ఎవరు చూస్తారు?" అనండి. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కునేలోపు అతనికి వేరే ఆఫర్ వస్తుంది.

5. ఫిల్టర్‌ని వీలైనంత వెనక్కి నెట్టండి.

మేక్‌లో ఫిల్టర్‌కి ఆపరేషన్ పడదు, అందుకని దాన్ని అలుసుగా తీసుకోకండి. అది ఎక్కడుందన్నదే ముఖ్యం. డెమో కావాలన్నవాళ్లను వడకట్టే ఫిల్టర్‌ని ట్రిగ్గర్ పక్కనే పెడితే మిగతా మాడ్యూళ్లు పదిమందికే నడుస్తాయి: వెతుకులాట 10, మెయిల్ 10, చాట్ 10, రోజుకు 30. అదే ఫిల్టర్‌ని వెతుకులాట తర్వాత పెట్టండి. ఇప్పుడు నలభై మందికీ ఫీజు వెతికి, ముప్పై మంది ఫీజు పారేసి, పదిమందికి పంపుతాం: 40, 10, 10, మొత్తం 60. నెలకు 900 ఉండాల్సింది 1,800 అవుతుంది. విద్యార్థికి అందేది అక్షరం కూడా మారదు, కాబట్టి ఏ పరీక్షలోనూ బయటపడదు.

ఏ కారణం చేతనైనా మీ కంపెనీ జాపియర్‌లోనే ఉంటే, ఈ చిట్కా ఒక్కటే మీకు పెద్ద దిక్కు. అక్కడ చూపులకు డబ్బు పడకపోయినా వెతికే మెట్టు సఫలమైతే టాస్క్ పడుతుంది. 900 టాస్కులు 1,800 కావడానికి మెట్ల వరుస మారితే చాలు. ప్లాన్ దాటిన టాస్కులకు అదనపు బిల్లింగ్ తెరిచి ఉంటే ఒక్కోదానికీ మామూలు రేటుకు 1.25 రెట్లు పడుతుంది, అలా ప్లాన్ పరిమితికి మూడు రెట్ల దాకా లాగవచ్చు. ఆ తర్వాత వాళ్లే ఆపేస్తారు.

ఇంతవరకు మేక్ లెక్క ఒకసారి కూడదాం. చూపులు 43,200, మిగతా మాడ్యూళ్లు 1,800, వెరసి నెలకు 45,000. రోజుకు 1,500. పదివేల ప్లాన్ ఏడో రోజున అయిపోతుంది. వెబ్‌హుక్ పెట్టి, ఫిల్టర్ ముందుకు తెచ్చినవాడికి ఇదే పనికి నెలంతా 2,100 సరిపోయేవి.

6. ఒక వెతుకులాటతో మూడు వరుసలు రప్పించండి.

ఫీజు షీట్‌లో కోర్సుకు ఒక వరుస చొప్పున రాసుకోవడం చేతకానివాళ్ల పద్ధతి. బ్యాచికి ఒక వరుస చొప్పున రాయండి: పొద్దుటి బ్యాచి, సాయంత్రం బ్యాచి, వారాంతం బ్యాచి. `Search Rows` మూడు వరుసలు తెచ్చినా దానికి ఒక ఆపరేషనే. అయితే దాని తర్వాతి మాడ్యూళ్లు వచ్చిన ప్రతి వరుసకూ విడిగా నడుస్తాయి. ఒక్క విద్యార్థికి మూడు మెయిళ్లు, గ్రూపులో మూడు మెసేజ్‌లు. మూడింటినీ ఒకే మెయిల్‌లోకి కూర్చే అగ్రిగేటర్ మాడ్యూల్ ఒకటుంది, దాని జోలికి పోకండి. మూడు మెయిళ్లు ఎందుకొచ్చాయని ఎవరైనా ఫోన్ చేస్తే "గుర్తుంటుందని" చెప్పమని రిసెప్షన్ వాళ్లకు ముందే నేర్పి ఉంచండి.

7. చదివే షీట్‌లోనే రాయండి.

ఇది అన్నిటికన్నా అందమైన పద్ధతి. మెయిల్ పంపిన ప్రతిసారీ రికార్డు ఉండాలని యజమానికి చెప్పండి. రికార్డంటే ఎవరు కాదంటారు? చాట్ మాడ్యూల్ తీసేసి దాని స్థానంలో షీట్‌కి వరుస చేర్చే మాడ్యూల్ పెట్టండి. వేరే ట్యాబులో కాదు, ఎంక్వైరీలు పడే ఆ షీట్‌లోనే, విద్యార్థి వివరాలన్నీ ఉన్నవున్నట్టు, డెమో టిక్‌తో సహా. తర్వాతి నిమిషంలో ట్రిగ్గర్ వస్తుంది, కొత్త వరుస కనిపిస్తుంది. అది తాను రాసిందేనని దానికి తెలియదు. ఫీజు వెతుకుతుంది, ఫిల్టర్ దాటిస్తుంది, మెయిల్ పంపుతుంది, ఇంకో వరుస రాస్తుంది. ఆ పై నిమిషం మళ్లీ. ఆరో చిట్కా కలపకపోయినా, నిమిషానికి మూడు ఆపరేషన్ల చొప్పున ఒక్క ఎంక్వైరీ రోజుకు 4,320 తింటుంది, చూపులు కాక. ఆ పిల్లవాడికి నిమిషానికో మెయిల్.

ఇక్కడ రెండు అడ్డంకులున్నాయి. మామూలు జీమెయిల్ ఖాతా రోజుకు 500 మెయిళ్ల దగ్గర ఆపేస్తుంది, అంటే ఎనిమిది గంటల ఇరవై నిమిషాల్లో గొలుసు తెగిపోవచ్చు. మెయిల్ మాడ్యూల్ తప్పు చూపించడం మొదలుపెడితే, వరసగా మూడు తప్పులకు మేక్ సినారియోనే ఆపేస్తుంది, మామూలు సెట్టింగు అది. రెంటికీ విరుగుడు ఉంది. వరుస చేర్చే మాడ్యూల్‌ని మెయిల్ కన్నా ముందు పెట్టండి, మెయిల్ మాడ్యూల్ మీద తప్పుల ఏర్పాటులో `Ignore` తగిలించండి. ఇక మెయిల్ పోయినా పోకపోయినా వరుస పడుతూనే ఉంటుంది, నడిచిన ప్రతిసారీ పచ్చరంగులో సక్సెస్ కనిపిస్తుంది. `Limit`లో ఆ 1 ఇంకా అలాగే ఉంటే నిజమైన ఎంక్వైరీలు ఈ గొలుసు వెనక క్యూలో నిలబడతాయి. యజమాని మళ్లీ ఆలస్యం గురించి అడుగుతారు. ఈసారి ఇంకా పెద్ద ప్లాన్ చెప్పండి.

ఎవరికీ అనుమానం రాకుండా ఉండాలంటే షీట్‌ని రోజూ తెరిచేవాళ్లు ఉండకూడదు. తెరిస్తే ఒకే పేరు నిమిషం తేడాతో వందల వరుసల్లో కనిపిస్తుంది, దాన్ని దాచే దారి లేదు.

8. `History` పేజీ తెరవకండి, ఇంకొకరికి చూపించకండి.

సినారియో నడిచిన ప్రతిసారీ ఎన్ని ఆపరేషన్లు అయ్యాయో అందులో వరసగా ఉంటుంది. వరస వెంట వరస 1, 1, 1, 1 అని కనిపిస్తే అవన్నీ ఖాళీ చూపులే. ఆ విషయం పట్టుకోవడానికి ఇంజనీరే అక్కర్లేదు, అకౌంట్స్ మేడమ్ ఒక్క నిమిషం చూస్తే చాలు. అందుకని లాగిన్ ఒక్కరి దగ్గరే ఉంచండి, అది మీ దగ్గర. వాడకం కోటాకి దగ్గరపడుతోందని వచ్చే మెయిళ్లు మీరు చూడని పాత ఇన్‌బాక్సుకి వెళ్లేలా రిజిస్టర్ చేయించండి. ఏడో రోజున కోటా అయిపోయి సినారియోలు ఆగిపోతే, కార్డు నుంచి అదనపు క్రెడిట్లు తనంతట తానే కొనే ఏర్పాటు తెరవండి. రూపాయి కార్డుకు డాలర్ బిల్లు పడుతుంది కాబట్టి నెలనెలా అంకె కాస్త అటూఇటూ అవుతుంది. బిల్లు ఎందుకు పెరిగిందంటే డాలర్ పెరిగిందని చెప్పండి. పేపర్లో కూడా అదే ఉంటుంది.

మేడమ్ ఇంకా వదలకపోతే ఆపరేషన్ల మొత్తాన్ని ఎంక్వైరీలతో భాగించనివ్వకండి. ఆరు, ఏడు చిట్కాలు కలపకుండానే నెలకు 1,200 ఎంక్వైరీలకు 45,000 అంటే ఒక్కోదానికి ముప్పై ఏడున్నర. నాలుగు మాడ్యూళ్ల సినారియోకి ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పడం చాలా కష్టం. ఎప్పుడూ మొత్తమే చెప్పండి: "ఈ నెల మన సిస్టమ్ నలభై ఐదు వేల పనులు చేసింది మేడమ్."

9. పాత కాపీలు ఆపకండి.

మార్పు చేయాల్సి వచ్చిన ప్రతిసారీ సినారియోని క్లోన్ చేసి, కొత్తదాంట్లో మార్చండి. పాతదాన్ని ఆన్‌లోనే ఉంచండి. పరీక్ష కోసం ఖాళీ షీట్‌కి కట్టిన కాపీ ఇంకా మంచిది. దానికి ఎప్పటికీ వరుస రాదు, మెయిల్ పోదు, ఫిర్యాదు చేసేవాడు ఉండడు, అయినా నెలకు 43,200 తెస్తుంది. అలాంటివి మూడు చాలు. పేరు పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త: టెస్ట్ అనీ కాపీ అనీ పెడితే ఎవడో ఒకడు ఆపేస్తాడు. `FEES_MAIN_DO_NOT_TOUCH` అని పెట్టండి. మీరు ఉద్యోగం మారి వెళ్లిపోయాక కూడా ఆ స్విచ్ మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ రాదు.